బిడ్డ చెప్పిన మాట, ఇంటివాళ్ళు అడిగే మాట
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు నన్ను పిల్లల చదువుల ఒత్తిడి మీద మాట్లాడమన్నారు. ఆ సంగతి మీద మీరు చాలా ఉపన్యాసాలు విన్నారు. నేను అందులోంచి ఒకే ఒక్క ప్రశ్న ఎత్తుకుంటాను. పదహారేళ్ళ బిడ్డ తన చేతిని తానే గాయపరచుకుంటున్నానని కాలేజీ కౌన్సిలరుతో చెప్పింది. తల్లిదండ్రులు పరుగెత్తుకొచ్చారు. "మా బిడ్డ మీతో ఏమేం చెప్పిందో మొత్తం చెప్పండి, ఒక్క మాట దాచొద్దు" అన్నారు. అప్పుడు ఎంత చెప్పాలి? ఎంత చెప్పకూడదు? ఇంటర్మీడియెట్ కాలేజీలూ హాస్టళ్ళూ నిండి ఉన్న మన హనుమకొండలో ఈ ప్రశ్న ఎవరి ఇంటి తలుపైనా తట్టవచ్చు.

ఇందులో ఇరువైపులా న్యాయం ఉంది. కన్నవాళ్ళకు తెలియకుండా బిడ్డను కాపాడడం ఎవరి తరమూ కాదు. చెప్పిన మాట చెప్పినట్టు బయటికి పోతే ఆ బిడ్డ మళ్ళీ నోరు విప్పదు. ఈ రెండూ నిజమే. కాబట్టి "చెప్పాలా, వద్దా" అని అడిగితే జవాబు దొరకదు. "ఏది చెప్పాలి, ఎవరికి, ఎప్పుడు, ఎవరి ఎదుట" అని అడిగితే దారి దొరుకుతుంది.

ఒక కేసు చెబుతాను. ఇది ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఎన్నో ఇళ్ళలో జరిగేవాటిని కలిపి అల్లినది. కనుక ఎవరి బిడ్డా అని మీలో మీరు వెతుక్కోకండి.

ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. హాస్టల్లో ఉండి నెలకు రెండుసార్లు ఇంటికి వస్తుంది. వయసు 16. మూడు నెలలుగా ముంజేతి మీద గాట్లు పెట్టుకుంటోంది. తోటి పిల్ల చూసి బలవంతాన కౌన్సిలరు గదికి తీసుకొచ్చింది. ఆ గదిలో అడుగుపెట్టగానే అమ్మాయి అడిగిన మొదటి మాట, "మేడం, మా అబ్బాకు చెప్పరు కదా?" అని.

అసలు పరీక్ష ఇక్కడే. జాలిపడి "చెప్పను బేటా, ఎవ్వరికీ చెప్పను" అన్నామా, పని చెడిపోయినట్టే. సాయంత్రానికి ఆ మాట తప్పాల్సి రావచ్చు. ఒకసారి మోసపోయిన పిల్ల తరువాత డాక్టరును కూడా నమ్మదు. అందుకని తెలిసిన కౌన్సిలరు బిడ్డ కథ మొదలుపెట్టకముందే ఇలా చెబుతుంది: "నువ్వు చెప్పేది నా దగ్గర ఉంటది బేటా. మూడు సంగతులు మాత్రం నేనొక్కదాన్నే మోయలేను. నీ ప్రాణానికి ముప్పు ఉన్నా, నిన్నెవరైనా బాధపెడుతున్నా, నీ వల్ల ఇంకొకరికి ముప్పు ఉన్నా, నేను ఇంకొకరిని కలుపుకోవాలి. అట్లాంటప్పుడు కూడా ముందు నీకు చెప్పి, ఆ తరువాతే వాళ్ళకు చెప్తా." ఇది విని చాలామంది పిల్లలు లేచిపోతారేమో అని కొత్తవాళ్ళు భయపడతారు. సాధారణంగా పోరు. హద్దు ఎక్కడుందో తెలిసినచోట మనిషి కొంచెం ధైర్యంగా కూర్చుంటాడు.

ఈ మాట కౌన్సిలర్లకే కాదు, మీకూ పనికొస్తుంది. చాలాసార్లు పిల్లలు ముందు చెప్పుకునేది ఖాలాకో, ట్యూషన్ సారుకో, పైక్లాసు దోస్తుకో. "ఎవ్వరికీ చెప్పనని ఒట్టేయి" అని బిడ్డ అడిగితే ఆ ఒట్టు వేయకండి. "నీ ప్రాణం మీదికొస్తే చెప్పకుండా ఉండలేను, కానీ నీకు తెలియకుండా చెప్పను" అనండి.

ఇక కౌన్సిలరు అడగవలసినవి అడిగింది. ఎన్నాళ్ళ నుంచి, వారానికి ఎన్నిసార్లు, ఆఖరిసారి ఎప్పుడు, గాయానికి కుట్లు పడేంత అవసరం వచ్చిందా. తరువాత సూటిగా, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. పెద్దలు ఈ ప్రశ్న అడగడానికి జంకుతారు, లేని ఆలోచన పుట్టిస్తామేమో అని. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. ఉన్నదైతే బయటపడుతుంది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. చావాలని కాదు, లోపల కుతకుతలాడేది కాసేపు ఆగుతుందని. గాయం చేసుకునేవాళ్ళలో చాలామంది సంగతి ఇదే. అంతమాత్రాన తేలిగ్గా తీసుకోరాదు. ఇట్లా చేసుకునే పిల్లలకు ముందు ముందు ప్రాణహాని ప్రయత్నం చేసే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువ. అందుకని ఇంకా అడిగింది: ఇంతకుముందు ఎప్పుడైనా ప్రయత్నించావా? ఎలా, ఎప్పుడు అని మనసులో లెక్క వేసుకున్నావా? అందుకు ఏమైనా దాచిపెట్టుకున్నావా? ఈ రాత్రి గడవగలదా? అన్నింటికీ జవాబు నిబ్బరంగానే వచ్చింది.

కారణాలు కూడా చెప్పింది. వారం వారం పరీక్షల్లో కిందికి పోతున్న ర్యాంకు. ఇంట్లో అన్నతో పోలిక. మరొకటి, ఫోనులో ఒక అబ్బాయితో ఆరు నెలలు నడిచి ఆగిపోయిన మాటలు. ఈ మూడోది ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారని ఆమె భయం.

ఇప్పుడు తల్లిదండ్రులకు చెప్పాలా? చెప్పాలి. ప్రాణానికి ఈ రాత్రే ముప్పు లేకపోయినా చెప్పాలి. బిడ్డ మైనరు, గాయాలు నిజం, చికిత్సకు తీసుకుపోవాల్సింది వాళ్ళే. కానీ కౌన్సిలరు వెంటనే ఫోను తీయలేదు. అమ్మాయిని కూర్చోబెట్టి మూడు విషయాలు తేల్చుకుంది. ముందు ఎవరికి చెప్పాలి, అమ్మీకా అబ్బాకా? నువ్వు చెబుతావా, నీ ఎదుట నేను చెప్పనా? ఏ మాటలు చెబుదాం, ఏవి నీ దగ్గరే ఉంచుదాం? అమ్మాయి అమ్మీని ఎంచుకుంది, మేడంనే చెప్పమంది. ఫోను మాటల సంగతి వద్దంది. చెప్పవలసిన వాక్యాలు ఇద్దరూ కాగితం మీద రాసుకున్నారు. ఈ అరగంట వృథా అనుకోకండి. అనుమతి అడగడం వేరు, పాలు పంచుకోనివ్వడం వేరు. చెప్పాలా వద్దా అనేది అమ్మాయి చేతిలో లేదు. ఎట్లా చెప్పాలనేది చాలావరకు ఆమె చేతిలో పెట్టవచ్చు.

మరునాడు తల్లితోపాటు తండ్రి కూడా వచ్చాడు. వాళ్ళకు చెప్పినవి ఇవి: మూడు నెలలుగా గాయాలు చేసుకుంటోంది, చచ్చిపోవాలనే ఉద్దేశం ఇప్పుడు లేదని చెబుతోంది, కానీ అది మారవచ్చు కనుక చూస్తూ ఉండాలి, చదువు ఒత్తిడి, పోలికలు ఆమెను బాధిస్తున్నాయి, మానసిక వైద్యుడికి చూపించాలి, ఇంట్లో మాత్రలు, పురుగుమందు, పదునైనవి తాళంలో పెట్టాలి, ఎలాంటి మాటలు వస్తే అదే గంటలో ఆసుపత్రికి తీసుకుపోవాలి. మన జిల్లాల్లో సేద్యం ఉన్న ఇళ్ళలో పురుగుమందు డబ్బా వసారాలోనే ఉంటుంది. తండ్రికి తప్పక అందవలసిన సమాచారం ఏదైనా ఉందంటే అది ఇదే. బిడ్డ మనసులోని పేజీలన్నీ చదివినా ఆ డబ్బా వసారాలో ఉంటే ఏం లాభం?

తండ్రి అంతా విన్నాడు. తరువాత, "ఇదంతా సరే మేడం. ఎవడైనా అబ్బాయి ఉన్నాడా? అది చెప్పండి" అన్నాడు.

సోదరులారా, ఇక్కడ "లేడు" అంటే అబద్ధం. "ఉన్నాడు" అంటే ద్రోహం. "ఆ సంగతి చెప్పలేను" అని అప్పటికప్పుడు నసిగితే అదే "ఉన్నాడు" అన్నట్టు. దీనికి మందు ముందే వేసుకోవాలి. కూర్చోగానే మొదటి మాటగా, "బిడ్డ క్షేమానికి అవసరమైనది మీకు దాచను. మిగతా సంభాషణలో ఏముంది, ఏం లేదు అని ఏ ఇంటివాళ్ళు ఏది అడిగినా నా జవాబు ఒకటే, అవునని అనను, కాదని అనను" అని చెప్పుకోవాలి. నిజంగా ఏమీ లేని కేసులో కూడా ఇదే జవాబు ఇవ్వాలి. లేనప్పుడు "లేదు" అంటూ వచ్చిన కౌన్సిలరు, ఒకరోజు మౌనంగా ఉంటే ఆ మౌనమే సాక్ష్యం ఇస్తుంది.

తండ్రికి కోపం వచ్చింది. రావడం సహజం. "నా బిడ్డ, నా ఫీజు, నాకే చెప్పరా?" అన్నాడు. ఆయనను కోపిష్ఠి అని పక్కన పెట్టేయరాదు. ఆ కోపం కింద ఉన్నది భయం. ఆ భయానికి కావలసింది పని. "భాయిసాబ్, ఈ రాత్రి మీరు చేయవలసినవి నాలుగున్నాయి" అని చెబితే ఆ మనిషి నిలదొక్కుకుంటాడు. "కారణం నాకు తెలిస్తే కదా సరిచేసేది" అన్నదానికి మాత్రం నిజాయితీగా జవాబివ్వాలి: కారణం ఆమె నోటినుంచే మీకు రావాలి, ఆ దారి తెరిచే పని నేను చేస్తాను, వచ్చేవారం ముగ్గురం కూర్చుందాం అని.

ఇక చట్టం ఏమంటుంది? 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులో ఉంది. దాని 23వ సెక్షన్ మానసిక వ్యాధికి చికిత్స పొందేవారి సంగతి గోప్యంగా ఉంచే హక్కు ఇస్తుంది. మినహాయింపులూ అక్కడే ఉన్నాయి. ప్రాణానికి ముప్పును ఆపడానికి చెప్పవచ్చు, కానీ అందుకు అవసరమైనంత మేరకే. ఆ "అవసరమైనంత" అన్న కొలతే ఈ ప్రసంగానికంతా మూలం. 15వ సెక్షన్ ప్రకారం మైనరుకు చట్టబద్ధమైన సంరక్షకులే ప్రతినిధి, బోర్డు వేరుగా ఆదేశిస్తే తప్ప. ఆ ప్రతినిధికి, రోగికి తగిన ఆసరా ఇవ్వడం కోసం రోగనిర్ణయం, చికిత్సల గురించి తెలుసుకునే హక్కు ఉంది. అంటే తల్లిదండ్రులను గడప బయట నిలబెట్టే చట్టం కాదిది. ఏం జబ్బు, ఏం వైద్యం, మేమేం చేయాలి అనేవి అడిగి తీసుకోండి, అది మీ హక్కు. బిడ్డ గదిలో కూర్చుని చెప్పుకున్న ప్రతి మాటా ఆ హక్కులోకి వస్తుందని మాత్రం అనుకోరాదు. కాలేజీ కౌన్సిలర్లలో చాలామంది ఈ చట్టం చెప్పే వృత్తినిపుణుల లెక్కలోకి రారు. వాళ్ళను కట్టి ఉంచేది వృత్తిధర్మం, కాలేజీ రాసుకున్న నియమం.

ఇంగ్లాండులో 1985లో గిలిక్ అనే తల్లి వేసిన కేసులో, పదహారేళ్ళలోపు పిల్లలైనా విషయం పూర్తిగా అర్థం చేసుకోగలిగితే తమ వైద్యానికి తామే ఒప్పుకోవచ్చని అక్కడి ప్రభువుల సభ తీర్పు చెప్పింది. అక్కడి పుస్తకాలు చదివి వచ్చినవాళ్ళు ఆ సూత్రాన్ని ఇక్కడ కూడా అప్పజెబుతుంటారు. మన చట్టంలో 18 ఏళ్ళ గీత గట్టిగా ఉంది. నా మట్టుకు నాకు అది మన ఇళ్ళకు సరిపోయేదే అనిపిస్తుంది, కాకపోతే గీతకు ఇవతల ఉన్న పిల్లకు నోరు లేదని అర్థం కాదు.

మన తెలుగునాట నుంచే ఒక కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. విశాఖపట్నంలో నీట్ కోచింగు తీసుకుంటూ హాస్టల్లో ఉన్న 17 ఏళ్ళ విద్యార్థిని 2023లో చనిపోయింది. తండ్రి సి.బి.ఐ. విచారణ కోరాడు. 2025 జూలై 25న కోర్టు విచారణ సి.బి.ఐ.కి అప్పగిస్తూ, దేశమంతటికీ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ అర్హతగల కౌన్సిలరునో మనస్తత్వ నిపుణుడినో పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి, అందులో తమను తాము గాయపరచుకునే పిల్లలతో ఎలా నడుచుకోవాలన్నది కూడా ఉండాలి. ఆసుపత్రికి ఎప్పుడు, ఎలా పంపాలో రాతపూర్వకంగా ఉంచుకోవాలి. కనుక మీరు పిల్లను చేర్పించేటప్పుడు ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని అని అడిగిన తరువాత ఇంకొక్కటి అడగండి: "మీ కౌన్సిలరు ఎవరు? బిడ్డకు ఏమైనా అయితే మాకు ఏం చెబుతారు, ఎప్పుడు చెబుతారు, కాగితం మీద ఉందా?" రేపు గొడవ పడేదానికంటే ఇవాళ అడగడం మేలు.

మన కేసులో అమ్మాయి జవాబు వేరుగా ఉండి ఉంటే లెక్క మారిపోయేది. మాత్రలు కూడబెట్టాననో, ఫలానా రోజు అనుకున్నాననో అంటే, వాక్యాలు రాసుకునే తీరికలేదు. బిడ్డను ఒంటరిగా వదలకూడదు, బాత్రూముకు పోయినా తోడు ఉండాలి, తల్లిదండ్రులను ఆ గంటలోనే పిలవాలి, ఎం.జి.ఎం.కో దగ్గరి ఆసుపత్రికో తీసుకుపోవాలి. "మీరు చెబితే చచ్చిపోతా" అని బిడ్డ అంటే అదే చెప్పడానికి కారణం. అప్పుడు కూడా "నీతో చెప్పే చేస్తున్నా" అన్న మాట మాత్రం తప్పరాదు.

ఇంకో రకం ఉంది. గాయాల వెనక ఇంటి మనిషే ఉన్నాడనుకోండి. చుట్టమో, ఇంకెవరో లైంగికంగా హింసిస్తున్నాడని బిడ్డ చెప్పింది. అప్పుడు 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాల్సిందే. ఇంటి పరువు అని ఆపుకుంటే ఆపినవాళ్ళే శిక్షార్హులు. అటువంటప్పుడు ఇంట్లో ఎవరికి చెబుతున్నామో పదిసార్లు చూసుకోవాలి. హాని చేసినవాడి చెవికి ముందు పోతే బిడ్డకు నిలువ నీడ ఉండదు. పిల్లల హెల్ప్‌లైను నంబరు 1098.

తల్లులు నన్ను తరచుగా అడిగేది, "మాకెట్లా తెలుస్తది?" అని. ఎండాకాలంలో కూడా నిండు చేతుల బట్టలు వేసుకుంటే అనుమానించమని పుస్తకాల్లో రాస్తారు. మన ఇళ్ళలో ఆ ఆనవాలు పనికిరాదు, మన ఆడపిల్లలు ఎప్పుడూ నిండు చేతులే. వజూ దగ్గర చూడండి. అందరితోపాటు చేతులు మడిచి కడుక్కునే పిల్ల ఉన్నట్టుండి తలుపు వేసుకుని ఒంటరిగా చేసుకుంటుంటే, బట్టలు తానే ఉతుక్కుంటానని పట్టుబడితే, ఒకసారి మెల్లగా మాట కలపండి. చేయి పట్టి గుంజి చూడకండి. అట్లా చూసినవాళ్ళకు ఒకసారే కనబడుతుంది. తరువాత గాట్లు చేతి మీద నుంచి ఎవరూ చూడని చోటికి పోతాయి. పెట్టె వెతకడం, డైరీ చదవడం, ఖురాన్ మీద చేయి పెట్టించి "ఇక చేయను" అని ప్రమాణం తీసుకోవడం, వీటన్నింటి ఫలితమూ అదే. ప్రమాణం వల్ల గాయం ఆగదు. గాయం సంగతి చెప్పడం ఆగుతుంది. పైగా మాట తప్పిన రోజున గునాహ్ భయం కూడా ఆ చిన్న ప్రాణం మీద పడుతుంది.

పోలీసు కేసు అవుతుందని ఆసుపత్రికి పోనివాళ్ళు ఉన్నారు. ప్రాణహాని ప్రయత్నం చేసినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించరాదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో పాత 309వ సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టడానికి చేసే ప్రయత్నం ఒక్కటే అందులో నేరంగా మిగిలింది. ఆసుపత్రివాళ్ళు కాగితాలు రాసుకుని పోలీసు అవుట్‌పోస్టుకు తెలియజేయవచ్చు. అది చూసి బెదిరి బిడ్డను మధ్యలో ఇంటికి తెచ్చుకోకండి.

ఆఖరుగా ఒక సంగతి. ఇప్పటిదాకా నోరు కట్టుకోవలసింది కౌన్సిలరు. మీకు చెప్పిన క్షణం నుంచి ఆ అమానత్ మీ చేతికి వచ్చింది. మన కేసులో ఆ తండ్రి ఇంటికి పోయి మొదట చేసిన పని తన చెల్లెలికి ఫోను చేయడం. ఫుప్పీ నుంచి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి పెళ్ళిసంబంధాలు చూసే మనిషికి. రేపు రిష్తా పాడవుతుందని భయపడేది మనమే, ఊరంతా చెప్పేదీ మనమే. దాదీకి చెప్పాలా, అన్నకు చెప్పాలా అన్నప్పుడు కౌన్సిలరు వేసుకున్న ప్రశ్నే మీరూ వేసుకోండి: ఈ మనిషికి తెలియడం వల్ల బిడ్డను చూసుకునే పనిలో ఏమైనా సాయం వస్తుందా? రాత్రిపూట పక్కన పడుకునే దాదీకి కొంత తెలియాలి. ఫుప్పీకి అక్కరలేదు. ఎవరికి చెబుతున్నా ముందు బిడ్డతో ఒక మాట అనండి.

ఆ ఇంట్లో మూడోవారం ముగ్గురూ కలిసి కూర్చున్నప్పుడు అన్నతో పోలిక గురించి అమ్మాయే తండ్రితో మాట్లాడింది. అబ్బాయి సంగతి చెప్పలేదు. అది నాలుగు నెలల తరువాత తల్లితో చెప్పుకుంది, ఒక రాత్రి వంటింట్లో, ఎవరూ అడగకుండానే.

రాత్రివేళ ఎవరూ అందకపోతే 14416కు ఫోను చేయవచ్చు. ఇది 2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ ప్రభుత్వ సేవ. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు. ఇప్పుడు మీ ప్రశ్నలుంటే అడగండి. అందరి ఎదుట అడగడం ఇష్టం లేనివాళ్ళు చీటీ మీద రాసి పంపండి, పేరు రాయనక్కరలేదు.